ఊళ్లన్నీ కలవాలి... తీగ తగ్గాలి!

ఏడు ఊళ్లున్నాయి. అన్నిటికీ కరెంటు రావాలి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి తీగ లాగితే ఎంత ఖర్చవుతుందో కాగితం మీద రాసి ఉంది. ఖర్చు వీలైనంత తగ్గాలి, ఏ ఊరూ చీకట్లో ఉండకూడదు. పెన్నూ కాగితం పట్టుకుంటే పది నిమిషాల్లో తేలిపోయే లెక్క ఇది. కానీ ఊళ్లు ఏడు కాక లక్ష ఉంటే? అప్పుడు కంప్యూటర్ కూడా ఒక చిన్న ప్రశ్న దగ్గర తడబడుతుంది... 'ఈ రెండు ఊళ్లూ ఇప్పటికే కలిశాయా, లేదా?' అని. ఆ ప్రశ్నకు చిటికెలో జవాబు చెప్పే ఉపాయం కథ ఇది.

మొరావియాలో మొదలు

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక చెకోస్లొవేకియా కొత్త దేశంగా ఏర్పడింది. అందులో మొరావియా అనే ప్రాంతం ఉంది. ఇప్పుడది చెక్ రిపబ్లిక్‌లో భాగం. అక్కడి ఊళ్లకు కరెంటు ఇవ్వాల్సిన సంస్థలో పనిచేసే యిండ్రిఖ్ సాక్సెల్‌కు ఒక చిక్కొచ్చింది. ఊళ్లన్నిటినీ కలపాలి, లాగే తీగ మొత్తం అతి తక్కువ పొడవుండాలి. ఆ సంగతి తన మిత్రుడు, బ్రనో నగరంలో గణితం చెప్పే ఒటకర్ బొరువ్కా చెవిన వేశాడు. బొరువ్కా దాన్ని గణితంగా మలిచి 1926లో పరిష్కారం ప్రచురించాడు. ప్రతి ఊరూ తనకు అతి చౌకగా అందే పొరుగూరిని పట్టుకోవాలి. అలా ఏర్పడిన గుంపులు మళ్లీ తమకు దగ్గరి గుంపును పట్టుకోవాలి. అన్నీ ఒకటయ్యేదాకా ఇదే వరస. పద్ధతి సరైనదే కానీ, దాన్ని వివరించిన తీరు కొరుకుడు పడనిది.

దాదాపు మూడు దశాబ్దాల తర్వాత ఆ వ్యాసం తాలూకు టైపు కాపీ ఒకటి అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ క్రస్కల్ అనే యువకుడి చేతికొచ్చింది. ఇంత తిరుగుడు అవసరమా అనిపించిందతనికి. 1956లో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ పత్రికలో తన పద్ధతిని అచ్చువేయించాడు. మొత్తం మూడే పేజీలు! అప్పటికి క్రస్కల్ వయసు 28 ఏళ్లు. ఇంట్లో గణితం పండింది ఆయనకొక్కడికే కాదు. అన్నలు విలియం, మార్టిన్ కూడా పేరున్న గణితవేత్తలే. తల్లి లిలియన్ ఒపెన్‌హైమర్ కాగితాలు మడిచి బొమ్మలు చేసే ఒరిగామీ కళను అమెరికాలో ప్రచారం చేసిన మనిషి.

క్రస్కల్ చెప్పింది ఒక్క ముక్కలో చెప్పొచ్చు. దారులన్నిటినీ చౌక నుంచి ఖరీదు వరకు వరసలో పెట్టండి. పైనుంచి ఒక్కొక్కటే తీసుకోండి. ఆ దారి రెండు విడివిడి గుంపుల్ని కలిపితే ఉంచండి. ఇప్పటికే కలిసిన ఊళ్లనే మళ్లీ కలిపితే పక్కన పడేయండి. ఊళ్ల సంఖ్య కంటే ఒకటి తక్కువ దారులు దొరికాయంటే పని పూర్తయినట్టే. అలా మిగిలిన తీగల అల్లికను కంప్యూటర్ పుస్తకాల్లో 'మినిమమ్ స్పానింగ్ ట్రీ' అంటారు. చుట్లు లేకుండా చెట్టు కొమ్మల్లా విస్తరిస్తుంది కాబట్టి దానికా పేరు. బీటెక్‌లో కంప్యూటర్స్ చదివే పిల్లలెవరైనా ఇంట్లో ఉంటే అడిగి చూడండి, ఈ పేరు వినే ఉంటారు.

కోటి ఖర్చు... నలభై నాలుగు లక్షలు

లెక్క చేసి చూద్దాం. ఊళ్ల పేర్లు క, గ, చ, జ, ట, డ, త అనుకుందాం. వాటి మధ్య తీగ లాగడానికి వీలైన దారులు పదకొండు. ఖర్చు లక్షల రూపాయల్లో ఇలా ఉంది... క-గ 4, చ-జ 5, గ-ట 6, క-ట 7, డ-త 8, జ-డ 9, చ-డ 10, జ-త 11, ట-జ 12, గ-చ 13, క-చ 15. అన్ని దారుల్లోనూ తీగ లాగితే సరిగ్గా కోటి రూపాయలు.

చౌక వరసలోనే రాసుకున్నాం కాబట్టి పైనుంచి మొదలుపెడదాం. క-గ కలుస్తాయి, ఉంచాలి. చ-జ కలుస్తాయి, ఉంచాలి. గ-ట కూడా కొత్త కలయికే. ఇప్పుడు క, గ, ట ఒక గుంపు. తర్వాతది క-ట. ఖర్చు 7 లక్షలే. కానీ క నుంచి గ మీదుగా ట కు కరెంటు ఇప్పటికే చేరుతోంది. ఇంకో తీగ దండగ, తీసేయాలి. డ-త ఉంచాలి. జ-డ తో చ, జ, డ, త నాలుగూ ఒక గుంపవుతాయి. చ-డ, జ-త దారులు ఆ గుంపులోపలివే. రెండూ అవతల పడతాయి. చివరికి ట-జ రెండు పెద్ద గుంపుల్నీ కలిపేస్తుంది. ఏడు ఊళ్లు, ఆరు తీగలు. మిగిలిన గ-చ, క-చ దారులను చూడనక్కర్లేదు.

ఉంచిన ఆరింటి ఖర్చు 4, 5, 6, 8, 9, 12... కూడితే 44 లక్షలు. కోటితో పోలిస్తే సగం కూడా కాదు.

ఎప్పటికప్పుడు చౌకగా దొరికిందే పట్టుకుంటూ పోతే చివర్లో ఎక్కడో దెబ్బతింటామేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. జీవితంలో చాలాచోట్ల అలాగే జరుగుతుంది కూడా. ఇక్కడ మాత్రం జరగదు. ఎందుకంటే... ట-జ దగ్గర ఆగి చూడండి. ఒకవైపు క, గ, ట ఉన్నాయి. మరోవైపు మిగిలిన నాలుగూ ఉన్నాయి. ఈ రెండు వైపులనూ కలిపే దారులు మూడే. వాటి ఖర్చులు 12, 13, 15 లక్షలు. ఊళ్లన్నీ కలవాలంటే వీటిలో ఏదో ఒకటి తప్పదు. ఎవరైనా 13 లక్షల దారితో ఇంతకన్నా మంచి పథకం ఉందంటే, అందులోంచి 13ను తీసి 12ను పెట్టొచ్చు. ఊళ్లు కలిసే ఉంటాయి, ఖర్చు లక్ష తగ్గుతుంది. అంటే వాళ్లది మంచి పథకం కాదన్నమాట. క్రస్కల్ పద్ధతిలో ఉంచే ప్రతి దారికీ ఇదే వాదన వర్తిస్తుంది.

చిక్కంతా ఒక్క ప్రశ్నలో

ఏడు ఊళ్ల బొమ్మ చూడగానే 'ఈ రెండూ కలిసే ఉన్నాయి' అని కన్ను చెప్పేస్తుంది. కంప్యూటర్‌కు కన్ను లేదు. దానికి తెలిసింది పట్టికలే. పైగా నిజం లెక్కల్లో ఊళ్లు ఏడుండవు. ఒక ఫొటోను తీసుకోండి. అందులో పది లక్షల చుక్కలున్నాయనుకుంటే ప్రతి చుక్కా ఒక ఊరే. పక్కపక్క చుక్కల రంగుల్లో ఎంత తేడా ఉందో అదే దారి ఖర్చు. ఫొటోలో ఏది ఆకాశం, ఏది చెట్టు, ఏది మొహం అని విడదీయడానికి పెడ్రో ఫెల్జెన్స్వాల్బ్, డేనియల్ హటన్‌లాకర్ 2004లో ప్రచురించిన పేరున్న పద్ధతి ఇలాంటి చుక్కల్నే క్రస్కల్ వరసలో కలుపుతూ పోతుంది. ఒక్కో చుక్కకు పైనా కిందా, కుడీ ఎడమా పొరుగువాళ్లుంటారు కాబట్టి దారులు దాదాపు ఇరవై లక్షలవుతాయి. అంటే 'ఇవి కలిశాయా?' అన్న ప్రశ్న ఇరవై లక్షల సార్లు రావచ్చు. ప్రతిసారీ తీగల వెంట నడిచి చూస్తానంటే తెల్లారిపోతుంది.

అందుకే నడవడం మానేసి, అడగడం నేర్చుకోవాలి. ఎవర్ని? ఇంటి పెద్దను!

మీ పెద్దెవరు?

1964లో బెర్నార్డ్ గాలర్, మైకేల్ ఫిషర్ ఒక ఉపాయం ప్రచురించారు. వాళ్లు ఆలోచించింది కరెంటు తీగల గురించి కాదు. ప్రోగ్రాములో రెండు వేర్వేరు పేర్లు ఒకే చోటును సూచిస్తాయని రాసినప్పుడు, వేటికి కలిపి చోటివ్వాలో తేల్చే పని వారిది. కానీ ఆ ఉపాయం క్రస్కల్ పద్ధతికి కొలిచి కుట్టిన చొక్కాలా సరిపోయింది. దాని పేరు 'యూనియన్-ఫైండ్'. కలుపు, వెతుకు... అంతే అర్థం.

ప్రతి గుంపునూ ఒక ఉమ్మడి కుటుంబం అనుకోండి. కుటుంబానికి ఒక పెద్ద ఉంటాడు. ప్రతి సభ్యుడి దగ్గరా ఒక్క చీటీ ఉంటుంది. అందులో తన పైవాడి పేరు రాసి ఉంటుంది. పెద్ద చీటీలో మాత్రం ఆయన పేరే ఉంటుంది. రెండు ఊళ్లు ఒకే గుంపా కాదా తెలియాలంటే, రెండింటి పెద్దలెవరో కనుక్కోవాలి. చీటీ చూసి పైవాడి దగ్గరికి, ఆయన చీటీ చూసి ఆ పైవాడి దగ్గరికి... అలా పెద్ద దొరికేదాకా వెళ్లాలి. ఇద్దరి పెద్దా ఒకరే అయితే ఒకే కుటుంబం, దారి అక్కర్లేదు. వేరైతే దారి ఉంచాలి. రెండు కుటుంబాల్నీ కలపాలి. కలపడం చాలా తేలిక. ఒక పెద్ద తన చీటీలో రెండో పెద్ద పేరు రాసుకుంటే చాలు. మిగతా సభ్యులెవరూ కదలక్కర్లేదు.

మరి ఏ పెద్ద తగ్గాలి? దీన్ని పట్టించుకోకపోతే కొంప మునుగుతుంది. ప్రతిసారీ పెద్ద కుటుంబమే ఒంటరివాడి కింద చేరిందనుకోండి. ఒకడి పైన ఇంకొకడు, వాడి పైన మరొకడు... లక్ష మందితో గొలుసు తయారవుతుంది. అట్టడుగువాడు పెద్దను చేరాలంటే 99,999 మెట్లెక్కాలి. ఒక్క సంతకం కోసం ఫైలు లక్ష టేబుళ్లు తిరిగినట్టన్నమాట.

విరుగుడు మామూలు లోకజ్ఞానమే. చిన్న కుటుంబమే పెద్ద కుటుంబం కింద చేరాలి. ఇలా చేస్తే మెట్లు పెరగవు. ఎందుకో చూడండి... ఒక సభ్యుడికి పైన ఒక మెట్టు పెరిగిందంటే, అతని కుటుంబం తనంత లేదా తనకంటే పెద్దదైన కుటుంబంలో కలిసిందని అర్థం. అంటే కుటుంబం కనీసం రెట్టింపైంది. లక్ష ఊళ్లలో ఒకటితో మొదలై ఎన్నిసార్లు రెట్టింపు కాగలదు? రెండు, నాలుగు, ఎనిమిది... పదహారోసారికి 65,536. పదిహేడోసారి కావాలంటే లక్ష దాటిపోతుంది. కాబట్టి ఎవరికీ పదహారు మెట్లకు మించవు. 99,999 ఎక్కడ, 16 ఎక్కడ!

వెళ్లినవాడు వస్తూ వస్తూ...

ఇక్కడితో ఆగినా బాగానే ఉంటుంది. కానీ ఇంకో చిన్న ఉపాయం ఉంది. ఇంజినీరింగ్ పిల్లలు రాసే ప్రోగ్రాములో అది ఒకే ఒక్క వాక్యం. దాని పేరు 'పాత్ కంప్రెషన్'... దారి కుదింపు.

పెద్దెవరో కనుక్కోవడానికి ఒకసారి మెట్లన్నీ ఎక్కాం కదా. ఆ శ్రమను వృథా చేయడమెందుకు? దారిలో తగిలిన ప్రతి ఒక్కరి చీటీలోనూ పాత పేరు కొట్టేసి పెద్ద పేరే నేరుగా రాసేస్తే సరి. ఇకమీదట వాళ్లలో ఎవర్ని అడిగినా ఒక్క మెట్టులో పెద్ద దగ్గరుంటాం. మొదట వెళ్లినవాడు శ్రమ పడతాడు. ఆ ఫలం వెనకొచ్చేవాళ్లందరికీ అందుతుంది.

మన ఏడు ఊళ్ల లెక్కలోనే దీన్ని చూడొచ్చు. చ-జ కలిసినప్పుడు జ పైవాడు చ. డ-త కలిసినప్పుడు త పైవాడు డ. తర్వాత జ-డ దారి వచ్చింది. జ పెద్ద చ, డ కు డ యే పెద్ద. రెండు కుటుంబాల్లోనూ ఇద్దరిద్దరే కాబట్టి ఎవరు తగ్గినా ఒకటే. డ తన చీటీలో చ పేరు రాసుకుంది. ఇప్పుడు త పైవాడు డ, డ పైవాడు చ. త కు పెద్ద రెండు మెట్ల పైనున్నాడు.

కాసేపటికి జ-త దారి వంతు వచ్చింది. జ ను అడిగితే చ అంది. త ను అడిగితే డ అంది, డ ను అడిగితే చ అంది. ఇద్దరికీ పెద్ద ఒకరే. 11 లక్షల దారి దండగని తేలింది. ఆ దారి పోయినా, ఆ ప్రశ్న ఊరికే పోలేదు. తిరిగి వస్తూ త చీటీలో డ పేరు కొట్టేసి చ అని రాశాం. ఇకపై త కు ఒక్క మెట్టే. ఏడు ఊళ్లలో మిగిలింది ఒక్క మెట్టు కావచ్చు. లక్షల్లోకి వెళ్తే ఆ తేడా వేరు.

ఈ ఉపాయాన్ని కంప్యూటర్ శాస్త్ర గ్రంథాలు ఎక్కువగా బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్లస్ మెకిల్‌రాయ్, రాబర్ట్ మోరిస్‌ల ఖాతాలో వేస్తాయి. జోసెఫ్ క్రస్కల్ తన ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిపింది కూడా బెల్ ల్యాబ్స్‌లోనే.

పదిహేడు నిమిషాల నుంచి రెప్పపాటుకు

ఇంతకీ ఎంత కలిసొచ్చింది? లక్ష ఊళ్లు, పది లక్షల దారులు ఉన్నాయనుకుందాం. ఒక్కో దారికి రెండు ఊళ్ల పెద్దల్నీ అడగాలి కాబట్టి ప్రశ్నలు ఇరవై లక్షలు. సెకనుకు పది కోట్ల మెట్లెక్కే యంత్రం ఉందనుకుందాం.

ఏ జాగ్రత్తా లేక గొలుసు పేరుకుపోయిందంటే, సగటున 50 వేల మెట్ల చొప్పున ఎక్కాలి. మొత్తం పది వేల కోట్ల మెట్లు. వెయ్యి సెకన్లు, అంటే దాదాపు పదిహేడు నిమిషాలు. అదే ఊళ్లూ, దారులూ పది రెట్లు పెరిగితే సమయం వంద రెట్లు పెరుగుతుంది. ఇరవై ఎనిమిది గంటలు కూర్చోవాలి! చిన్నది పెద్దదాని కింద చేరాలన్న నియమం ఒక్కటి పెడితే ప్రశ్నకు పదహారు మెట్లు మించవు. లక్ష ఊళ్ల లెక్కకు మొత్తం 3 కోట్ల 20 లక్షల మెట్లు లోపే. సెకనులో మూడో వంతు. దానికి దారి కుదింపు కూడా తోడైతే?

దీని లోతు తేల్చడం తేలిక్కాలేదు. దారి కుదింపు చేస్తే మెట్లు తగ్గుతాయని అందరికీ కనిపిస్తూనే ఉంది. ఎంత తగ్గుతాయో చెప్పడమే కష్టం. ఎందుకంటే అడిగిన ప్రతి ప్రశ్నా కుటుంబాల ఆకారాన్ని మార్చేస్తుంది. 1973లో జాన్ హాప్‌క్రాఫ్ట్, జెఫ్రీ ఉల్మన్ ఒక హద్దు గీశారు. 1975లో రాబర్ట్ టార్జాన్ దాన్ని ఇంకా బిగించాడు. ఆయన వ్యాసం పేరులోనే తీర్పుంది... 'మంచిదే కానీ సరళరేఖలో పెరగని' పద్ధతి అని. ప్రశ్నలు రెట్టింపైతే పని సరిగ్గా రెట్టింపవడమే సరళరేఖ. ఇక్కడ దానికంటే ఓ పిసరు ఎక్కువ అవుతుంది. ఆ పిసరును కొలిచే సంఖ్య ఊళ్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది కానీ, ఎంత నెమ్మదిగా అంటే... విశ్వంలోని పరమాణువులన్నిటినీ ఊళ్లుగా లెక్కేసినా నాలుగు దాటదు!

అలాగని ప్రతి ప్రశ్నకూ నాలుగు మెట్లే అనుకోకూడదు. ఏదో ఒక ప్రశ్నకు పదహారూ ఎక్కాల్సి రావచ్చు. ఆ వెళ్లినవాడు దారి సర్దేసి వస్తాడు కాబట్టి అన్నీ కలిపి చూసుకున్నప్పుడు సగటు అలా తేలుతుంది. ప్రశ్నకు నాలుగు చొప్పున వేసుకున్నా ఇరవై లక్షల ప్రశ్నలకు 80 లక్షల మెట్లు. సెకనులో పన్నెండో వంతు... రెప్పపాటు.

ఇప్పుడు అసలు మెలిక. క్రస్కల్ పద్ధతి మొదట్లో దారులన్నిటినీ ఖర్చు వరసలో పెట్టాలి కదా. పది లక్షల దారుల్ని వరసలో పెట్టాలంటే ఒక్కోదానికి ఇరవై పోలికల చొప్పున రెండు కోట్ల పోలికలు పడతాయి. అంటే పెద్దల్ని వెతికే పని 80 లక్షలకు దిగాక, ఎక్కువ సమయం తినేది వరసలో పెట్టే పనే! అందుకే పుస్తకాల్లో క్రస్కల్ పద్ధతి వేగాన్ని ఆ వరస పెట్టే ఖర్చుతోనే చెబుతారు. చిన్నది పెద్దదాని కింద చేరాలన్న నియమం ఉంటే చాలు, దారి కుదింపు ఉన్నా లేకపోయినా ఆ చివరి సూత్రం మారదు. 'మరి కుదింపు ఎందుకు?' అని విద్యార్థులు తికమకపడేది ఇక్కడే.

వరస పెట్టే పని చౌకైనచోట దాని విలువ తెలుస్తుంది. ఫొటో చుక్కల సంగతే చూడండి. రంగుల తేడాను 0 నుంచి 255 వరకు అంకెల్లో కొలిస్తే, ఒకదాంతో ఒకటి పోల్చే పనే లేదు. 256 డబ్బాలు పెట్టుకుని ఏ దారి ఖర్చు ఎంతో ఆ డబ్బాలో పడేసుకుంటూ పోతే వరస అదే వచ్చేస్తుంది. దారికి ఒక్కసారి చేయి కదిపితే చాలు. అప్పుడు మిగిలిన బరువంతా పెద్దల్ని వెతకడం మీదే పడుతుంది. దారి కుదింపు ఆదా చేసిన ప్రతి మెట్టూ గడియారంలో కనిపిస్తుంది.

చౌకగా వచ్చిందని మురిసిపోతే...

ఈ ప్రోగ్రాము రాసేటప్పుడు సులువుగా చేసే పొరపాటు ఒకటుంది. పెద్దల్ని పోల్చాల్సిన చోట పైవాళ్లను పోల్చేయడం. తండ్రుల పేర్లు వేరైనంత మాత్రాన వంశాలు వేరు కావు కదా!

మన లెక్కలోనే ఆ తప్పు చేసి చూద్దాం. జ-త దారి వంతు వచ్చినప్పుడు జ పైవాడు చ, త పైవాడు డ. పేర్లు వేరు. కాబట్టి ఇవి కలవలేదనుకుని ప్రోగ్రాము 11 లక్షల దారిని ఉంచేస్తుంది. అప్పటికి 4, 5, 6, 8, 9, 11 లక్షల దారులు చేతిలో ఉన్నాయి. లెక్కపెడితే ఆరు! ఏడు ఊళ్లకు ఆరు తీగలు చాలు కాబట్టి ప్రోగ్రాము ఆగిపోతుంది. మొత్తం ఖర్చు 43 లక్షలు. సరైన జవాబు కంటే లక్ష తక్కువ!

తీగల సంఖ్య సరిపోయింది, ఖర్చూ తగ్గింది. పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ ట-జ దారి రాలేదు. క, గ, ట ఊళ్లు ఒకవైపు, మిగిలిన నాలుగూ మరోవైపు ఉండిపోయాయి. కరెంటు చ వైపు నుంచి వస్తుంటే మూడు ఊళ్లు చీకట్లోనే. అంటే తీగల్ని లెక్కపెట్టడం ఒక్కటే పరీక్ష కాదు. పని ముగిశాక ప్రతి ఊరినీ 'మీ పెద్దెవరు?' అని చివరి దాకా వెతికి అడగాలి. అందరూ ఒకే పేరు చెబితేనే లెక్క సరైనట్టు. ఇక్కడ మూడు ఊళ్లు క అంటాయి, నాలుగు ఊళ్లు చ అంటాయి. తప్పు దొరికిపోతుంది.

రెండో పొరపాటు కలిపేచోట జరుగుతుంది. పెద్ద చీటీ మార్చాల్సింది పోయి, దారి చివరనున్న ఊరి చీటీ మార్చేస్తారు. జ-డ దారి దగ్గర జ తన చీటీలో చ ను కొట్టేసి డ అని రాసుకుందనుకోండి. జ డ వైపు వెళ్లిపోయింది. పాపం, చ ఒంటరిగా మిగిలింది. తీగ ఉన్నా చీటీల్లో బంధుత్వం తెగిపోయింది. తర్వాత చ-డ దారి వచ్చినప్పుడు ఇద్దరూ పరాయివాళ్లలా కనిపిస్తారు. ఆ 10 లక్షల దండగ తీగ కూడా వచ్చి చేరుతుంది. మొత్తం 42 లక్షలతో మళ్లీ ఆరు తీగలు, మళ్లీ మూడు ఊళ్లకు చీకటి.

ఒక్కోసారి ప్రోగ్రాములో తప్పేమీ లేకపోయినా చివర్లో ఇద్దరు పెద్దలు మిగులుతారు. ఊళ్ల మధ్య అసలు దారే లేనప్పుడన్నమాట. మధ్యలో ఏరు అడ్డొచ్చి వంతెన లేకపోతే తీగ ఎలా దాటుతుంది? అలాంటప్పుడు దారుల జాబితా అయిపోయినా తీగల సంఖ్య ఆరుకు చేరదు. తప్పు లెక్కలో ఆరు తీగలుండి ఊళ్లు విడిపోతాయి. దారి లేని లెక్కలో ఆరు తీగలే రావు. తేడా పట్టుకోవడానికి ఈ గుర్తు చాలు.

పిసినారి పథకానికీ హద్దులున్నాయి

44 లక్షల పథకం అతి చౌకైనది. అతి మంచిది మాత్రం కాకపోవచ్చు. క నుంచి చ కు నేరు దారి ఖర్చు 15 లక్షలు. మన పథకంలో క నుంచి చ కు కరెంటు గ, ట, జ మీదుగా వెళ్లాలి. ఆ తీగల ఖర్చు 4, 6, 12, 5 కలిపి 27 లక్షలు. ఏ రెండు ఊళ్ల మధ్యా అతి దగ్గరి దారి చూపిస్తానని క్రస్కల్ పద్ధతి మాటివ్వలేదు. అన్నిటినీ కలిపే మొత్తం తగ్గిస్తానని మాత్రమే చెప్పింది. బస్సు దారి వెతుక్కునేవాళ్లకు కావాల్సిన లెక్క వేరే.

ఇంకోటి... చెట్టులో చుట్లుండవు. అదే దాని పొదుపు, అదే దాని బలహీనత. గాలివానకు ట-జ తీగ ఒక్కటి తెగితే ఊళ్లు మళ్లీ రెండు ముక్కలు. చుట్టు తిరిగి వచ్చే దారి లేదు. కరెంటు ఆగకూడదనుకునేచోట ఇంజినీర్లు ఈ పథకాన్ని పునాదిగా పెట్టుకుని, పైన ఒకటో రెండో అదనపు తీగలు కావాలనే లాగుతారు. లెక్క దండగన్న తీగే ఆ రాత్రి ఊరికి దీపమవుతుంది.

అలా తీగ తెగినప్పుడు చీటీల ఉపాయం అక్కరకు రాదు. యూనియన్-ఫైండ్‌కు కలపడమే తెలుసు, విడదీయడం తెలీదు. అందులోనూ దారి కుదించేశాక ఎవరు ఎవరి ద్వారా కుటుంబంలోకి వచ్చారన్న పాత ఆనవాలు చెరిగిపోతుంది. త చీటీలో ఇప్పుడు చ అనే ఉంది. ఒకప్పుడు అక్కడ డ పేరు ఉండేదని చెప్పేవాళ్లెవరూ లేరు. ఒక్క తీగ తీసేయాల్సి వచ్చినా చీటీలన్నీ చింపేసి, వరసలో మొదటి దారి నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.